ఆగి సాగే మోటారు: కారం మిల్లులో వేడి లెక్క

మోటారు మీద బిగించిన రేకుపై 10 హార్స్‌పవర్ అని రాసి ఉంటే అది ఆ యంత్రం చూపగల గరిష్ఠ బలమని చాలామంది భావిస్తారు గాని, నిజానికి ఆ అంకె బలానికి కాక వేడికి గీసిన హద్దు. సాధారణమైన మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు కొన్ని క్షణాల పాటు తన రేటింగుకు రెట్టింపు బరువునైనా లాగగలదు. అయితే ఆ స్థితిలో కొనసాగితే లోపలి రాగి తీగకు పూసిన ఇన్సులేషను తట్టుకోగల ఉష్ణోగ్రతను మించి వేడెక్కి, కాలక్రమంలో పెళుసై, చివరకు కాలిపోతుంది. కాబట్టి ఎంత బరువు అనే ప్రశ్నకు ఎంతసేపు, ఎంత విరామంతో, గంటకు ఎన్ని స్టార్టులతో అనే ప్రశ్నలు తోడు కాకపోతే హార్స్‌పవర్ అంకె అసంపూర్ణంగానే మిగిలిపోతుంది. ఆ తోడు ప్రశ్నలకు ఇంజనీర్లు పెట్టిన పేరే డ్యూటీ.

మిఖాయిల్ దొలీవొ-దొబ్రొవోల్‌స్కీ జర్మనీలోని ఏఈజీ కంపెనీలో 1889లో మూడు ఫేజుల పంజరపు రోటరు మోటారును రూపొందించిన తొలి సంవత్సరాల్లో, ఏ మోటారుకు ఎంత రేటింగు ఇవ్వాలనేది తయారీదారు ఇష్టానికే వదిలి ఉండేది. 1899లో అమెరికన్ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ తన ప్రామాణీకరణ నివేదికలో రేటింగును ఉష్ణోగ్రత పెరుగుదలతో ముడిపెట్టింది. అడుగడుగునా ఆగి కదిలే ట్రాము బండ్ల మోటారుకు రోజంతా ఒకే బరువు మోసే మిల్లు మోటారు కొలత సరిపోదని గ్రహించిన ఇంజనీర్లు వాటికి గంట రేటింగు అనే వేరు పద్ధతిని వాడారు. 1906లో ఏర్పడిన అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ తర్వాతి కాలంలో ఇలాంటి భిన్న అవసరాలన్నింటినీ ఎస్1 నుంచి ఎస్10 దాకా పది తరగతులుగా అమర్చింది. భారతీయ ప్రమాణాలు కూడా అదే వర్గీకరణను అనుసరిస్తున్నాయి.

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ తరగతులలో ముఖ్యమైనవి పక్కపక్కనే కనిపిస్తాయి. జిన్నింగ్ మిల్లులో పత్తి గింజను వేరుచేసే డబుల్ రోలర్ జిన్ మోటారు ఒకే బరువుతో గంటల తరబడి తిరుగుతుంది. లోపల పుట్టే వేడీ బయటికి పోయే వేడీ సమానమై ఉష్ణోగ్రత ఒకచోట నిలిచేదాకా నడిచే ఇలాంటి పనిని ఎస్1, అంటే నిరంతర డ్యూటీ అంటారు. రేకు మీద ఏ డ్యూటీ రాయకపోతే ఎస్1 అనే భావించాలన్నది నియమం. కాలువ మీద విద్యుత్తుతో ఎత్తే షట్టరు మోటారు కొద్ది నిమిషాలు మాత్రమే పనిచేసి, పూర్తిగా చల్లారేంతసేపు ఊరుకుంటుంది కనుక అది ఎస్2, అంటే స్వల్పకాల డ్యూటీ. దీనికి 10, 30, 60, 90 నిమిషాల రేటింగులు వాడుకలో ఉన్నాయి. పని, విరామం ఒక క్రమంలో మారుతూ, పూర్తిగా వేడెక్కడానికీ పూర్తిగా చల్లారడానికీ వ్యవధి లేని పని ఎస్3, అంటే ఆగి సాగే డ్యూటీ. వేరుగా చెప్పకపోతే పది నిమిషాలను ఒక ఆవృత్తిగా తీసుకుని, అందులో మోటారు నడిచే భాగాన్ని 15, 25, 40, 60 శాతాలుగా చూపుతారు. 170 కిలోల పత్తి బేలు కట్టే హైడ్రాలిక్ ప్రెస్సులో పంపు మోటారు ఆగకుండా తిరుగుతూ, బేలు బిగిసే చివరి దశలో మాత్రమే పూర్తి బరువు మోస్తుంది, అలాంటిది ఎస్6.

ఎస్3 నిర్వచనంలో తేలికగా దాటిపోయే షరతు ఒకటుంది. స్టార్టయ్యేటప్పుడు పుట్టే వేడి లెక్కలోకి రానంత స్వల్పంగా ఉన్నప్పుడే ఆ తరగతి వర్తిస్తుంది. ఆ వేడి గణనీయమైతే పని ఎస్4 తరగతిలోకి వెళుతుంది. అప్పుడు నడిచే శాతంతో పాటు గంటకు ఎన్ని స్టార్టులు, మోటారు రోటరు జడత్వం ఎంత, అది తిప్పే యంత్రపు జడత్వం ఎంత అనే వివరాలు కూడా ఇవ్వాలి. ఈ మైదానాల్లో ఎస్4కు అచ్చమైన ఉదాహరణ ఊరి కారం మిల్లే. కొత్త మిరపకాయలు ఎండి, ఆవకాయ రోజులు దగ్గర పడేసరికి నరసరావుపేటలోనైనా అద్దంకిలోనైనా ఇళ్లవాళ్లు ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి కాయలు తెస్తారు. ఒకరి కాయ మరొకరి కాయతో కలవకుండా ఉండాలంటే ఒకరి సరుకు అయ్యాక యంత్రాన్ని ఆపి, పొడి దులిపి, మళ్లీ స్టార్టు చేయడం సహజమే. ఇలా ఆపి ఆపి నడపడం వల్ల మోటారుకు విశ్రాంతి దొరుకుతుందన్న నమ్మకాన్ని మాత్రం భౌతికశాస్త్రం సమర్థించదు.

ఇండక్షన్ మోటారు నిశ్చల స్థితి నుంచి పూర్తి వేగానికి చేరేలోగా, తిరిగే భాగాలన్నింటిలో ఎంత గతిజ శక్తి నిల్వ అవుతుందో, అంతే శక్తి రోటరులో వేడిగా మారుతుంది. ఈ వేడి స్టార్టింగుకు పట్టే సమయం మీద ఆధారపడదు. మూడు సెకన్లలో వేగం అందుకున్నా పది సెకన్లలో అందుకున్నా, తిప్పడానికి వేరే అడ్డు బలం లేనంతవరకూ, రోటరు భరించే వేడి ఒక్కటే. స్టేటరు వైండింగులో కూడా దాదాపు అంతే వేడి పుడుతుంది. కాబట్టి స్టార్టింగు వేడిని నిర్ణయించేది ప్రధానంగా తిరిగే బరువూ, దాని వేగమూ. కారం మిల్లులో దంచే సుత్తులతో కూడిన రోటరు సాధారణంగా బెల్టు ద్వారా మోటారు కంటే ఎక్కువ వేగంతో తిరుగుతుంది. వేగం రెట్టింపైతే దాని జడత్వం మోటారుకు నాలుగింతలుగా కనిపిస్తుంది.

ఈ సంగతిని అంకెల్లో పరిశీలించడానికి 1500 ఆర్‌పీఎం సింక్రనస్ వేగం గల 10 హెచ్‌పీ, అంటే దాదాపు 7.5 కిలోవాట్ల మోటారుతో నడిచే ఒక మిల్లును ఊహించవచ్చు. 3000 ఆర్‌పీఎం వేగంతో తిరిగే దంచుడు రోటరు జడత్వం 0.4 కిలోగ్రాం-చదరపు మీటరు అనుకుంటే మోటారు వైపు అది 1.6 అవుతుంది, మోటారు రోటరునూ పుల్లీలనూ కలిపితే మొత్తం 1.7. దీని గతిజ శక్తి సుమారు 21 కిలోజౌళ్లు కనుక రోటరులో 21, స్టేటరులో దాదాపు 21 కలిపి స్టార్టుకు 42 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అదే మోటారు పూర్తి బరువుతో నడిచేటప్పుడు 88 శాతం దక్షతతో సెకనుకు సుమారు 1 కిలోజౌల్ వేడిని మాత్రమే పుట్టిస్తుంది. అంటే ఒక్క స్టార్టు 42 సెకన్ల పూర్తి పనికి సమానమైన వేడిని మోటారు మీద మోపుతుంది.

రెండు నిమిషాలు నడిపి ఒక నిమిషం ఆపే పద్ధతిలో గంటకు 20 స్టార్టులు వస్తాయి. ఒక్కో మూడు నిమిషాల ఆవృత్తిలో నడకకు 120, స్టార్టుకు 42, మొత్తం 162 కిలోజౌళ్ల వేడి చేరుతుంది. మరి బయటికి పోయేది ఎంత అన్నది అసలు కీలకం. మోటారు వెనుక ఫ్యాను దాని ఇరుసుకే బిగించి ఉంటుంది కనుక మోటారు ఆగితే గాలి కూడా ఆగిపోయి, చల్లారే శక్తి సుమారు మూడో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన రెండు నిమిషాల నడకలో 120, ఒక నిమిషం విరామంలో 20, మొత్తం 140 కిలోజౌళ్లు మాత్రమే, రేటింగు ఉష్ణోగ్రత దాటకుండా, బయటికి వెళ్లగలవు. పూర్తి బరువుకు సరిపోయే మోటారు, మూడో వంతు సమయం విశ్రాంతిలో ఉండి కూడా, 16 శాతం అధికంగా వేడెక్కుతుంది.

స్టార్ డెల్టా స్టార్టరు ఈ బాధను తగ్గిస్తుందనుకోవడం కూడా పొరపాటే. అది స్టార్టింగు కరెంటును మూడో వంతుకు తగ్గించి లైను మీద పడే కుదుపును ఆపుతుంది గాని, టార్కును కూడా మూడో వంతుకే తగ్గిస్తుంది. అప్పుడు బెల్టు, బేరింగులు, గాలి కలిసి కలిగించే నిరోధం మిగిలిన టార్కులో పెద్ద భాగాన్ని తినివేయడంతో వేగం అందుకోవడం ఆలస్యమై, పై ఉదాహరణలో స్టార్టుకు పుట్టే వేడి 42 నుంచి 60 కిలోజౌళ్ల దాకా చేరగలదు. రేటింగులు సాధారణంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు ఇస్తారు. గుంటూరు వేసవిలో 45 డిగ్రీల రోజున, కారం ధూళి పేరుకుని రెక్కల సందులు మూసుకుపోయిన మోటారుకు ఆ హద్దు కూడా ముందే ఖర్చయిపోయి ఉంటుంది. 155 డిగ్రీలు తట్టుకునే ఎఫ్ తరగతి ఇన్సులేషను ఉంటే కొంత వెసులుబాటు దొరుకుతుంది గాని, 130 డిగ్రీల బి తరగతి తీగతో తిరగచుట్టిన పాత మోటారుకు అదీ ఉండదు.

అందువల్ల మొదటి పరిష్కారం కొత్త మోటారు కాదు, విరామాల్లో ఆపకపోవడమే. సుత్తులు ఖాళీగా తిరుగుతుంటే మోటారులో సెకనుకు సుమారు 0.45 కిలోజౌల్ వేడి మాత్రమే పుడుతుంది, ఫ్యాను పూర్తిగా పనిచేస్తూనే ఉంటుంది. ఆవృత్తి మొత్తానికి 147 కిలోజౌళ్లు చేరగా 180 బయటికి వెళ్లగలవు. ఎస్4గా ఉన్న పని ఎస్6గా మారి మోటారు చల్లగా నడుస్తుంది. ఖాళీగా తిరిగే మిల్లు కరెంటు తింటుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఒక స్టార్టుకు నిల్వ శక్తి, వేడి కలిసి 60 కిలోజౌళ్లకు పైగా ఖర్చవుతాయి కనుక, నిమిషం లోపు విరామానికి ఆపడం వల్ల విద్యుత్తు కూడా పెద్దగా మిగలదు. మూత తీసి లోపల చేయి పెట్టవలసినప్పుడు మాత్రం ఆపి, మెయిన్ స్విచ్చి కూడా తీయడం తప్పనిసరి, అక్కడ వేడి లెక్కకు తావు లేదు.

ఆపక తప్పని చోట పెద్ద మోటారు వేయాలా అన్నదానికి సమాధానం జడత్వం ఎవరిదన్న దాని మీద ఉంటుంది. కారం మిల్లులో జడత్వమంతా యంత్రానిదే కనుక 15 హెచ్‌పీ మోటారు వేస్తే స్టార్టు వేడి దాదాపు మారదు, దాన్ని పంచుకునే రాగీ ఇనుమూ పెరుగుతాయి, మేలు జరుగుతుంది. తేలికైన బరువును గంటకు వందల సార్లు కదిపే యంత్రంలో జడత్వం ప్రధానంగా మోటారు రోటరుదే. అక్కడ పెద్ద మోటారు తన సొంత రోటరును తిప్పుకోవడానికే ఎక్కువ వేడిని పుట్టించుకుని, చిన్నదానికంటే ముందే కాలిపోగలదు. స్టార్టుల సంఖ్య మరీ ఎక్కువైతే, వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో కలిపి క్రమంగా పెంచే డ్రైవు వాడటం ఉత్తమం, ఎందుకంటే అది రోటరుకూ అయస్కాంత క్షేత్రానికీ వేగంలో తేడా పెరగనీయకుండా స్టార్టింగు వేడిని మూలంలోనే తగ్గిస్తుంది.

మోటారు అతిగా వేడెక్కుతున్నదా లేదా అన్నది చేయి పెట్టి చూస్తే తెలియదు. ఉదయం 30 డిగ్రీల వద్ద వైండింగు నిరోధాన్ని కొలిచి, పని మధ్యలో ఆపి విద్యుత్తు తీసిన వెంటనే మళ్లీ కొలవాలి, నిరోధం 1.35 రెట్లయితే, 30కి 235 కలిపి 1.35తో గుణించి 235 తీసివేస్తే వైండింగు సగటు ఉష్ణోగ్రత సుమారు 123 డిగ్రీలని తేలుతుంది, అందులో అత్యంత వేడి చోటు ఇంకో పది డిగ్రీలు ఎక్కువే ఉండవచ్చు. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే మోటారు కంటే త్వరగా చల్లారి ప్రతి స్టార్టునూ కొత్తదిగా చూస్తుంది కనుక ఇలాంటి పనికి దాన్ని నమ్మరాదు. వైండింగులోనే అమర్చిన థర్మిస్టరు ఒక్కటే అసలు వేడిని చూడగలదు. కాలిపోయిన మోటారును విప్పినప్పుడు మూడు ఫేజుల చుట్లూ సమానంగా నల్లబడి ఉంటే కారణం ఒక ఫేజు పోవడం కాదు, మొత్తం మీద వేడి ఎక్కువ కావడమే. అలాంటి మోటారును తిరిగి చుట్టించే ముందు మిల్లువారు గంటకు ఎన్నిసార్లు స్టార్టు చేస్తున్నారో ఒక రోజు లెక్క రాసి, ఆ అంకెను యంత్రపు జడత్వంతో సహా అమ్మకందారు ముందుంచి, ఎస్4 రేటింగును రాతపూర్వకంగా అడగాలి.