యాప్ డిలీట్ చేసినా డబ్బులు కట్ అవుతున్నాయా? యూపీఐ ఆటోపే ఇలా ఆపండి

మన వ్యూయర్ ఒక తమ్ముడు స్క్రీన్‌షాట్లు పంపాడు. సిరీస్‌లు చూసే ఒక యాప్‌లో 1 రూపాయి ట్రయల్ అని ఉంటే జూన్ 10న తీసుకున్నాడు. 13న అకౌంట్‌లోంచి 299 కట్ అయింది. కోపం వచ్చి యాప్ డిలీట్ చేశాడు, ఇక అయిపోయిందనుకున్నాడు. జూలై 13న మళ్లీ 299 పోయింది. "అన్నా, ఫోన్‌లో యాపే లేదు, మరి డబ్బులు ఎలా పోతున్నాయి?" అని అడిగాడు.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, ఆ 1 రూపాయికి పిన్ కొట్టినప్పుడు మీరు రూపాయి ఒక్కటే ఇవ్వలేదు. "నెలనెలా ఇంత వరకు నా అకౌంట్ నుంచి తీసుకోండి" అని పర్మిషన్ కూడా ఇచ్చారు. దీన్నే యూపీఐ ఆటోపే మ్యాండేట్ అంటారు. ఇది ఆ యాప్‌లో ఉండదు, మీ బ్యాంకు దగ్గర, యూపీఐ సిస్టమ్‌లో ఉంటుంది. అందుకే యాప్ తీసేసినా మ్యాండేట్ బతికే ఉంటుంది. అకౌంట్‌లో బ్యాలెన్స్ లేకుండా పెట్టుకోవడం కూడా మందు కాదు. ఆ రోజు కట్ కాదు అంతే, డబ్బులు పడ్డాక మళ్లీ ట్రై చేస్తారు. 15,000 రూపాయల లోపు అయితే రెండోసారి నుంచి పిన్ కూడా అడగరు.

సరే, ఆపడం ఎలా? ఏ యూపీఐ యాప్‌లో పిన్ కొట్టారో ముందు అది ఓపెన్ చేయండి. గుర్తు లేకపోతే ఫోన్‌లో ఉన్న యూపీఐ యాప్‌లన్నీ చూడండి. గూగుల్ పే, ఫోన్‌పే లాంటి వాటిలో పైన ప్రొఫైల్ ఫోటో నొక్కితే Autopay అని కనిపిస్తుంది. అందులో యాక్టివ్‌గా ఉన్నవన్నీ లిస్ట్ వస్తుంది. ఆపాల్సినది ఓపెన్ చేసి క్యాన్సిల్ చేయండి, కొన్ని యాప్‌లలో దాన్నే Revoke అంటారు. Pause మాత్రం నొక్కకండి, అది తాత్కాలికమే. క్యాన్సిల్ అయ్యాక తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. అది ఎందుకో కాసేపట్లో చెప్తా.

ఒకవేళ ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే రూట్ వేరు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ ఫోటో, తర్వాత Payments & subscriptions, అందులో Subscriptions. అక్కడ క్యాన్సిల్ చేయాలి.

ఇప్పుడు పోయిన డబ్బుల సంగతి. ప్లే స్టోర్‌లో కట్ అయి 48 గంటలు దాటకపోతే గూగుల్‌నే రిఫండ్ అడగొచ్చు. దాటితే యాప్ కంపెనీని అడగడం మంచిది. మన తమ్ముడిలా నేరుగా యూపీఐలో పోతే మొదటి నుంచీ కంపెనీకే మెయిల్ పెట్టాలి. మెయిల్‌లో కథంతా వద్దు. రిజిస్టర్ చేసిన ఫోన్ నంబర్, కట్ అయిన తేదీ, అమౌంట్, ట్రాన్సాక్షన్ డీటెయిల్స్‌లో ఉండే యూటీఆర్ నంబర్, ఆ తర్వాత యాప్ వాడలేదన్న మాట. ఇవి చాలు. తమ్ముడు కూడా ఇవే రాశాడు. జూన్ 13 తర్వాత యాప్ ఓపెన్ కాలేదని వాళ్ల రికార్డులోనే ఉంది కాబట్టి జూలై 299 వెనక్కి ఇచ్చారు. జూన్ 299 మాత్రం ఇవ్వలేదు. ట్రయల్ తర్వాత 299 అని పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద చూపించాం అన్నారు.

కంపెనీ పలకకపోతే 1915కి కాల్ చేయండి, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. ఈజీగా చేరనిచ్చి, బయటికి వెళ్లే దారి దాచిపెట్టడాన్ని 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ గైడ్‌లైన్స్‌లో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' అని పేరు పెట్టి మరీ నిషేధించారు. కంప్లైంట్‌లో ఆ మాట వాడండి.

మరి బ్యాంకు? మీరే పిన్ కొట్టి ఒప్పుకున్న మ్యాండేట్ కాబట్టి "నచ్చలేదు" అంటే బ్యాంకు డబ్బులు తిరిగి ఇవ్వదు. కానీ రెండు సందర్భాల్లో మీ కేసు గట్టిగా ఉంటుంది. ఒకటి, క్యాన్సిల్ చేసిన తర్వాత కూడా కట్ అయితే. ఇందాక తీసుకోమన్న స్క్రీన్‌షాట్ ఇక్కడే పనికొస్తుంది. రెండు, కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రాకపోతే. ఆ మెసేజ్ పంపాలన్నది ఆర్‌బీఐ రూల్. అయితే ముందు ఎస్ఎంఎస్‌లు బాగా వెతకండి. తమ్ముడికి జూలై 12న మెసేజ్ వచ్చింది, ఆఫర్ల మెసేజ్‌ల మధ్యలో పడిపోయి చూసుకోలేదు. బ్యాంకుకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చాక 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు ఏమీ లేదు.

లాస్ట్ పాయింట్. ఈసారి 1 రూపాయి ట్రయల్ కనిపిస్తే, పిన్ కొట్టే ముందు ఆ స్క్రీన్ మీద గరిష్ఠ అమౌంట్ ఎంత, ఎన్నాళ్లకోసారి, ఎప్పటి వరకు అనేవి చదవండి. అక్కడ 299 అని ఉంటే, మీరు సంతకం పెడుతున్నది రూపాయికి కాదు, 299కి. వీడియో పాజ్ చేసి ఇప్పుడే మీ Autopay లిస్ట్ ఓపెన్ చేయండి. అందులో మీరు మర్చిపోయినవి ఎన్ని ఉన్నాయో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.