రొయ్య పట్టేదాకా మేత డబ్బులున్నాయా?

మొన్న మా భీమవరం పక్కూరి కుర్రోడొకడు ఫోన్‌లో రెండు ఆఫర్ లెటర్లు చూపించి "బాబాయ్, ఏది పట్టుకోమంటావ్?" అన్నాడు. ఒకటి హైదరాబాద్‌లో రొయ్యల చెరువులకి సెన్సార్లు పెట్టే స్టార్టప్, ఏడాదికి 9 లక్షలు. రెండోది కాకినాడలో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న మధ్యరకం కంపెనీ, 5 లక్షలు. ఇంట్లోవాళ్లంతా తొమ్మిదికే ఓటేశారు. ముందు ఆ తొమ్మిదిని విడదీయరా అన్నాను. (అంకెలు కాస్త గుండ్రంగా చేసి చెప్తున్నాను.)

విడదీస్తే జీతం 6 లక్షలే. మిగతా 3 లక్షలూ ఈసాప్స్. అంటే కంపెనీ వాటాల్ని ముందే అనుకున్న రేటుకి తర్వాతెప్పుడో కొనుక్కునే హక్కు. వాటా కాదు, కొనుక్కునే హక్కు మాత్రమే. పైగా ఆ 3 లక్షలు నాలుగేళ్లకి కలిపి వేసిన లెక్క. దాన్ని తీసుకొచ్చి ఒక్క ఏడాది జీతంలో కలిపేశారు. నగదులో తేడా లక్ష రూపాయలే, అందులో చాలావరకు హైదరాబాద్ అద్దెకే పోద్ది.

ఇప్పుడు అసలు సంగతి. మనూళ్లో చెరువేసినోడికి వనామి పట్టుబడికి రావాలంటే సుమారు నాలుగు నెలలు. మూడో నెల్లో మేత డబ్బులు అయిపోతే రొయ్య మన కోసం ఆగదు కదా. స్టార్టప్‌లో ఈ మేత డబ్బుల లెక్కనే రన్‌వే అంటారు. చివరి ఇంటర్వ్యూలో మావాడు కంపెనీ పెట్టినాయన్నే అడిగాడు. బ్యాంకులో కోటీ 80 లక్షలు, నెల ఖర్చు 30 లక్షలు, నెల రాబడి 10 లక్షలు అన్నాడాయన. అంటే నెలకి 20 లక్షలు కరుగుతున్నాయి. తొమ్మిది నెలల మేత.

"కొత్త పెట్టుబడి వచ్చేస్తోంది" అని కూడా అన్నాడట. బ్యాంకులో పడిందా, మాటల్లో ఉందా అని అడగాలి. పడనిది లెక్కలోకి రాదు.

ఈ తొమ్మిది నెలల పక్కన ఇంకో అంకె పెట్టండి. మన కంపెనీల చట్టం రూల్స్ ప్రకారం ఈసాప్స్ ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది గడవందే ఒక్కటి కూడా మన హక్కు కాదు. మేత తొమ్మిది నెలలకి, పట్టుబడి పన్నెండో నెలకి! కొత్త డబ్బు రాకపోతే ఆ 3 లక్షలు కాగితమే.

వచ్చిందే అనుకుందాం. మేత కొట్టోడు అరువిచ్చి, పట్టుబడి రోజున గట్టు మీదే నిలబడి ముందు తన బాకీ లాక్కుంటాడు చూశారా, పెట్టుబడిదారుడిదీ అదే పద్ధతి. వాళ్లు 10 కోట్లు పెట్టి, అది ముందు తిరిగి రావాలని రాసుకుంటే, కంపెనీ 8 కోట్లకి అమ్ముడుపోయినప్పుడు ఉద్యోగులకి మిగిలేది సున్నా. "మొత్తం వాటాలెన్ని, నావెన్ని, నా కంటే ముందు తీసుకునేది ఎంత?" ఈ మూడూ తెలియకుండా "నీకు 2 వేల ఆప్షన్లు" అంటే అది ఎన్ని ఎకరాల్లోనో తెలియని సెంటు భూమి. ఇంకోటి, ఆప్షన్ వాడి వాటా తీసుకున్న రోజున, అమ్మకపోయినా, ఆ రోజు విలువకీ మన రేటుకీ ఉన్న తేడా మీద సాధారణంగా జీతంలాగే పన్ను పడుద్ది. మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల్లో కొనుక్కోవాలో కూడా కాగితంలో చూసుకోవాలి.

పెద్ద పేరుంటే భయం లేదనుకోకండి. 2022లో బైజూస్ విలువ 22 బిలియన్ డాలర్లన్నారు. 2024లో జీతాలు ఆగాయి, జూలైలో దివాలా విచారణ మొదలైంది.

మాట నమ్మకుండా చూసుకునే దారి ఒకటుంది. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో Establishment Search లో కంపెనీ పేరు కొడితే నెలనెలా పీఎఫ్ ఎంతమందికి, ఏ తేదీన కట్టారో కనపడుద్ది. తేదీలు జారుతున్నా, మనుషుల సంఖ్య 60 నుంచి 35కి పడిపోయినా జీతాలకి కటకట మొదలైనట్టే. ఇరవై మందిలోపు కంపెనీ అయితే అందులో లేకపోవచ్చు, అది తప్పు కాదు. నాకు ఒకచోట నాలుగు నెలల జీతం ఎగ్గొట్టారు. అప్పట్లో ఇది తెలిస్తే రెండో నెల్లోనే మానేసేవాణ్ణి.

పని సంగతి. లెటర్లో "ప్రొడక్ట్ ఇంజనీర్" అనుంది. తీరా అడిగితే చెరువుల దగ్గర సెన్సార్లు బిగించడం, రైతుల దగ్గర బాకీ వసూలు కూడా అందులోనే ఉన్నాయి. అన్నీ నేర్చుకోవచ్చు, నిజమే. కానీ రేపు ఇంకోచోట ఇంజనీర్‌నని చెప్పుకోవాలంటే చేతిలో ఇంజనీర్ పని ఉండాలి. మొదటి మూడు నెలల పని ఏంటో రాయించుకోమన్నాను.

కాకినాడ వాళ్లూ దేవుళ్లేం కాదు. రెండేళ్ల బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచాలన్నారు. జిరాక్సులిస్తా గానీ ఒరిజినల్స్ ఇవ్వనని వీడు గట్టిగా అంటే దిగొచ్చారు.

రన్‌వే ఏడాదిన్నర ఉండి, ఇంటి మీద అప్పు లేకపోతే నేనే హైదరాబాద్ బస్సెక్కించేవాణ్ణి. వీళ్ల నాన్నకి రెండు పంటల బాకీ ఉంది. కుర్రోడు కాకినాడకి సరేనని, స్టార్టప్ ఆయనకి "కొత్త డబ్బు బ్యాంకులో పడ్డాక ఒక ఫోన్ కొట్టండి సార్" అని మెసేజ్ పెట్టాడు.