సెలవు అయిపోవస్తోంది, నాన్న ఇంకా కోలుకోలేదు

డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకాయన తండ్రికి గుంటూరులో పక్షవాతం వచ్చిందనుకుందాం. 4 వారాల సెలవు పెట్టి పరుగున వచ్చాడు. మూడో వారం గడుస్తున్నా తండ్రికి ముక్కులో గొట్టం గుండానే ఆహారం ఎక్కిస్తున్నారు. ఇంకో 6 వారాలు పక్కన మనిషి ఉండాల్సిందేనని డాక్టరు చెప్పేశారు. ఇప్పుడేం చేయాలి?

అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం ఉంది. అందరూ ఎఫ్ఎంఎల్ఏ అంటారు. తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యానికి 12 నెలల కాలంలో 12 వారాల వరకు జీతం లేని సెలవు ఇస్తుంది. ఉద్యోగమూ, ఆరోగ్య బీమా కూడా నిలుస్తాయి. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో, ఏడాది సర్వీసూ, గత ఏడాదిలో 1,250 పని గంటలూ ఉన్నవారికి ఇది సాధారణంగా వర్తిస్తుంది. తల్లిదండ్రులు ఇండియాలో ఉన్నా ఫర్వాలేదు. అత్తమామలకు మాత్రం ఈ చట్టం వర్తించదు. మన కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతి ఆపద వేళే తెలుస్తుంది.

మన ఉద్యోగికి 4, 6 కలిపితే 10 వారాలే కాబట్టి హద్దులోనే ఉన్నాడు. అయినా పొడిగింపు దానంతటది రాదు. పరిస్థితి మారినట్టు తెలిసిన రెండు పనిదినాల్లో చెప్పమని కంపెనీ అడగవచ్చు. మేనేజరుకు ‘ఇంకా రాలేను’ అని వాట్సాప్ పెట్టి ఊరుకుంటే చాలదు. తొలిసారి ఏ జబ్బుకు ఈ సెలవు ఇచ్చారో, ఆ జబ్బుకే ఇంకా కావాలని హెచ్ఆర్‌కు మెయిల్‌లో స్పష్టంగా రాయాలి.

పొడిగింపు అడిగితే కంపెనీ కొత్త డాక్టరు సర్టిఫికెట్ కోరవచ్చు. తెచ్చుకోవడానికి కనీసం 15 రోజులు గడువివ్వాలి. చిక్కంతా ఇక్కడే. మన ఆసుపత్రులు ఇచ్చే డిశ్చార్జి సమ్మరీలో స్కాన్లూ మందులూ ఉంటాయి గానీ, కొడుకు ఎందుకు ఉండాలో ఉండదు. ‘6 వారాల విశ్రాంతి’ అన్న ఒక్క వాక్యంతో పని జరగదు. రోగి సొంతంగా లేవలేడు, తినలేడు, ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి, ఇది ఫలానా తేదీ దాకా అవసరం కావచ్చు అని డాక్టరు చేత రాయించుకోవాలి. దగ్గర కూర్చుని ధైర్యం చెప్పడాన్ని కూడా చట్టం సేవగానే లెక్కిస్తుంది కాబట్టి అదీ రాయించవచ్చు. గుంటూరు డాక్టరు సర్టిఫికెట్ చెల్లుతుంది. ఇంగ్లిష్‌లో లేకపోతే, అడిగినప్పుడు అనువాదం ఇవ్వాల్సింది ఉద్యోగే. అనుమానమొస్తే డాక్టరుకు హెచ్ఆర్ ఫోన్ చేయవచ్చు గానీ నేరుగా పై అధికారి చేయకూడదు.

పది వారాలకూ తండ్రి లేవకపోతే మిగిలేది రెండే వారాలు. ఆ తర్వాత ఇచ్చే సెలవు చాలాచోట్ల కంపెనీ దయ మీదే ఆధారపడుతుంది. ఇస్తామంటే, తిరిగి చేరే తేదీ, అదే ఉద్యోగం ఉంటుందా, బీమా ఎప్పటిదాకా అన్నవి మూడూ రాతలో తీసుకున్నాకే విమానం టికెట్ తేదీ మార్చుకోవాలి.