కార్టన్ కొని, ప్యాకెట్ అమ్మి, గ్రాముల్లో వాడితే

స్టాకు లెక్కలో ఒక వస్తువుకు ఎన్ని కొలతలైనా ఉండవచ్చు, కానీ నిల్వను రాసే మూల కొలత ఒక్కటే ఉండాలి. బేకరీలో వెన్న దీనికి మంచి ఉదాహరణ. అది కార్టన్లలో వస్తుంది, కౌంటర్లో ప్యాకెట్లుగా అమ్ముడుపోతుంది, కేకుల తయారీకి తూకంలో వెళ్తుంది. కార్టన్‌లో 30 ప్యాకెట్లు, ప్యాకెట్ 500 గ్రాములు అనుకుందాం. అంటే కార్టన్ 15 కిలోలు.

చాలామంది కొన్న కొలతనే మూలంగా పెట్టుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఒక ప్యాకెట్ కార్టన్‌లో ముప్పయ్యో వంతు, అంటే 0.0333... దశాంశం ఎక్కడా తెగదు. దాన్ని 0.03గా కుదించి రాస్తే, 30 ప్యాకెట్లూ అమ్మాక పుస్తకంలో 0.90 కార్టనే తగ్గుతుంది. పెట్టె ఖాళీ అయినా మూడు ప్యాకెట్లు ఉన్నట్టే కనిపిస్తుంది. గ్రామును మూలంగా పెట్టుకుంటే ఈ బాధ లేదు. పెద్ద కొలత నుంచి చిన్నదానికి గుణకారమే, శేషం మిగలదు.

నాలుగు కార్టన్లు వచ్చాయి: 120 ప్యాకెట్లు, 60,000 గ్రాములు. కౌంటర్లో 37 ప్యాకెట్లు అమ్ముడయ్యాయి, అంటే 18,500 గ్రాములు. తయారీకి 8,350 గ్రాములు తూచి ఇచ్చారు. మిగిలింది 33,150 గ్రాములు. దాన్ని 66.3 ప్యాకెట్లని రాస్తే లెక్క తప్పు కాదు గానీ, అలమరాలో 0.3 ప్యాకెట్ అనేది ఉండదు. ఉన్నవి 66 నిండు ప్యాకెట్లు, విప్పిన ప్యాకెట్లో 150 గ్రాములు. ఆ 150 గ్రాములు కౌంటర్లో అమ్మడానికి పనికిరావు.

అందుకే విప్పిన వెన్నకు వేరే పద్దు తెరవడం ఉత్తమం. ప్యాకెట్ విప్పగానే అమ్మకపు నిల్వలో ఒకటి తగ్గించి, లూజు పద్దులో 500 గ్రాములు చేర్చాలి. పై లెక్కలో 17 ప్యాకెట్లు విప్పారు. 8,500లో 8,350 వాడారు. వారాంతంలో లూజు గిన్నెను తూచినప్పుడు 150కి బదులు 110 గ్రాములే ఉంటే, ఆ 40 గ్రాములను తరుగుగా విడిగా రాయాలి. ప్యాకెట్‌కు 500 గ్రాములన్న మార్పిడి సంఖ్యను దానికి సరిపోయేలా సవరించకూడదు. సవరిస్తే తరుగు ఎంతో, ఎక్కడ పోతోందో ఇక కనిపించదు. తూకంలో గిన్నె బరువు తీసేయడం కూడా మరవకూడదు.

మరో ప్రమాదం సరఫరాదారు కార్టన్ మార్చినప్పుడు వస్తుంది. ఈసారి కార్టన్‌లో 24 ప్యాకెట్లే వచ్చాయనుకుందాం. వస్తువు పేరు మీదున్న 30ని 24గా దిద్దితే, కొన్ని సాఫ్ట్‌వేర్లలో పాత కొనుగోళ్లూ మారిపోయి, పై నాలుగు కార్టన్లు 96 ప్యాకెట్లవుతాయి. మార్పిడి సంఖ్యను ప్రతి కొనుగోలు బిల్లుతో పాటే నమోదు చేయాలి. కొత్త సరుకు దించుకునేటప్పుడు కార్టన్ మీది అచ్చు చదివి, ఒక పెట్టె విప్పి లెక్కపెట్టాకే బిల్లు ఎక్కించండి.