బ్యూరెట్ మీద లేని అంకె

ఆ సమాధాన పత్రం దిద్దుతుంటే నా చూపు మూడో వరుస దగ్గర ఆగిపోయింది. మొదటి రీడింగ్ 0.0 నుంచి 20.0 వరకు. రెండోది 20.0 నుంచి 40.0. మూడోది 40.0 నుంచి 60.0. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో మేం వాడే బ్యూరెట్ మీద గీతలు 50 దగ్గర అయిపోతాయి. 60 అనే అంకె ఆ గాజు గొట్టం మీద ఎక్కడా లేదు.

రాసింది రెండో సంవత్సరం బైపీసీ అమ్మాయి. బాగా చదివే పిల్లే. పబ్లిక్ ప్రాక్టికల్స్‌కు ముందు మా కాలేజీలో పెట్టుకున్న ప్రీఫైనల్ అది. నేను 60.0 చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి, మార్కులు వేయకుండా తిరిగి ఇచ్చేశాను. మాట ఒక్కటీ అనలేదు. వారం తిరిగాక ఆమె నాకొక ఉత్తరం రాసింది. క్షమాపణ అనేది ఎలా రాయాలో నాకు ఆ ఉత్తరమే చూపించింది. పేరూ ఊరూ బయటపెట్టనని మాటిచ్చి, ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తున్నాను.

ఉత్తరం అర్థం కావాలంటే ముందు ఆ ప్రయోగం తెలియాలి. సీసాలో ముదురు ఊదారంగు ద్రావణం ఉంటుంది. అది పొటాషియం పర్మాంగనేట్. దాని గాఢత ఎంతో విద్యార్థి కనుక్కోవాలి. దానికి కొలతబద్దగా గాఢత ముందే తెలిసిన ఆక్జాలిక్ ఆమ్లం ఇస్తాం, 0.05 మోలార్‌ది. దాన్ని పిపెట్‌తో సరిగ్గా 20 మిల్లీలీటర్లు కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడిచేయాలి. అప్పుడు పైనుంచి బ్యూరెట్‌లోని ఊదారంగు ద్రావణాన్ని వదలాలి. పడ్డ చుక్క పడ్డట్టు రంగు పోగొట్టుకుంటుంది. ఆక్జాలిక్ ఆమ్లం అంతా అయిపోయిన క్షణాన, ఇంకొక్క చుక్క పడితే ఫ్లాస్కంతా లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు అర నిమిషం నిలిస్తే అదే ఎండ్ పాయింట్. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూసుకుని 0.4ను ఆ అంకెతో భాగిస్తే గాఢత వచ్చేస్తుంది. ఆక్జాలిక్ అణువులు అయిదింటికి పర్మాంగనేట్ రెండు పట్టే లెక్కలోంచి వచ్చిందే ఆ 0.4.

ఏళ్ల తరబడి నేను పర్మాంగనేట్‌ను 0.02 మోలార్‌గానే చేసేవాణ్ని. లీటరుకు 3.16 గ్రాములు తూచితే సరిపోతుంది, లెక్క గుండ్రంగా ఉంటుంది. అంటే రీడింగ్ ప్రతి ఏడూ 20.0 వస్తుంది. ఈ అంకె పాత రికార్డుల్లో చేతులు మారుతూ కొత్త పిల్లలకు చేరుతుందని నాకు తెలియంది కాదు. ఆ సంవత్సరం మాత్రం 2.85 గ్రాములే తూచాను. నిజంగా చేసినవాళ్లకు రీడింగ్ 22.2 దగ్గర రావాలి. చాలామందికి 22.1, 22.3 వచ్చాయి. ఒకరిద్దరికి 22.8 కూడా వచ్చింది. చేయి తొందరపడితే అలాగే వస్తుంది, అది తప్పు కాదు. ఈ అమ్మాయికి మాత్రం మూడుసార్లూ 20.0.

ఎర్ర సున్నతో పత్రం వెనక్కి వెళ్లిన రెండో రోజు ఆమె స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. "సార్, శనివారం ల్యాబు తీస్తారా?" అని మాత్రం అడిగింది. తీశాను. అటెండరు తోడుగా ఉన్నాడు. నేను నా బల్ల దగ్గర రికార్డులు దిద్దుకుంటూ కూర్చున్నాను. సోమవారం ఉదయం నా హాజరుపట్టీలో రూళ్ల కాగితం ఒకటి మడతపెట్టి ఉంది. రెండు వైపులా రాసింది.

"సార్‌కి నమస్కారం. ప్రీఫైనల్ ప్రాక్టికల్‌లో నేను టైట్రేషన్ చేయలేదు. మూడు రీడింగులూ ఊహించి రాశాను. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మొదట చేయడం మొదలుపెట్టాను సార్. ఫ్లాస్కు సరిగా వేడెక్కకముందే బ్యూరెట్ తిప్పేశాను. రంగు పోవడానికి బదులు గోధుమరంగు మడ్డి వచ్చింది. భయమేసింది. పక్కవాళ్లంతా రెండో రీడింగులో ఉన్నారు. సీనియర్ అక్క రికార్డులో 0.02 అని ఉండటం నాకు గుర్తుంది. ఫార్ములా వచ్చు కాబట్టి వెనక నుంచి లెక్క కట్టాను. 20.0 వచ్చింది. అదే మూడుసార్లు రాశాను. అక్క నాకు ఏమీ చెప్పలేదు సార్, రికార్డు నేనే అడిగి తెచ్చుకున్నాను.

"60 అని రాసినప్పుడు నేను బ్యూరెట్ వైపు చూడలేదు. అది నా ఎదురుగా స్టాండుకే ఉంది. మీరు సున్న చుట్టాక కూడా తప్పేమిటో నాకు ఆ రోజంతా తెలియలేదు. రాత్రి రికార్డులో బొమ్మ చూస్తే తెలిసింది. దొరికిపోయినందుకు కాదు సార్, అంత పెద్ద గాజు గొట్టం కళ్లముందు పెట్టుకుని దాన్ని చూడకుండా రాసినందుకు సిగ్గేసింది.

"శనివారం చేసినవి ఇవి. మొదటిది 23.1. రంగు బాగా ముదిరిపోయింది, ఎక్కువ వదిలేశాను. రెండోది మళ్లీ గోధుమరంగు వచ్చింది, ఈసారి ఆమ్లం తక్కువ పోశాను. అది లెక్కలోకి తీసుకోలేదు కానీ కొట్టేయకుండా అలాగే ఉంచాను. తర్వాత 0.4 నుంచి 22.7, అంటే 22.3. తర్వాత 0.0 నుంచి 22.2. చివరిది 22.2 నుంచి 44.4. దాని తర్వాత ఇంకొకటి చేయాలంటే బ్యూరెట్ మళ్లీ నింపాలి. అప్పుడు చేతికి తెలిసింది సార్, 60 ఎందుకు రాదో. గాఢత 0.018 వచ్చింది.

"ద్రావణం ముదురుగా ఉండటంతో అడుగు వంపు కనబడదని, పై అంచు చూసి రీడింగ్ తీయమని మీరు క్లాసులో చెప్పారు. అప్పుడు రాసుకున్నాను గానీ ఎందుకో తెలియలేదు. కళ్లకెదురుగా పెట్టుకుని చూస్తే నిజంగానే అడుగు వంపు కనబడలేదు.

"ఇంకొకటి చెప్పాలి. మొదటి సంవత్సరం ఫిజిక్స్ రికార్డులో లఘులోలకం గ్రాఫు కూడా ఇలాగే వేశాను. ముందు గీత గీసి, తర్వాత దాని మీద చుక్కలు పెట్టాను. అది ఫిజిక్స్ మేడమ్‌కు నేనే చెప్తాను.

"ఇంకెప్పుడూ చేయను అని రాయడానికి భయంగా ఉంది సార్, మళ్లీ టైము అయిపోతూ ఉంటే ఏం చేస్తానో నాకు తెలియదు. గోధుమరంగు వస్తే ఫ్లాస్కు తెచ్చి మీకు చూపిస్తాను. అది మాత్రం చేయగలను. మార్కులు అడగడం లేదు. క్షమించండి.

"ఒక సందేహం సార్. వేడి సరిగ్గా ఉన్నా, మొదటి చుక్క రంగు పోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాతి చుక్కలు వెంటవెంటనే పోయాయి. ప్రతిసారీ అలాగే జరిగింది. ఎందుకు?"

కాపీ కొడుతూ దొరికిన పిల్లల చేత క్షమాపణ పత్రం రాయించడం మన కాలేజీల్లో మామూలే. ప్రిన్సిపాల్ గారి దివ్యసముఖమునకు అని మొదలై, తెలియక చేసిన తప్పును మన్నించగలరు, ఇకముందు ఇలా చేయనని హామీ ఇస్తున్నాను అని ముగుస్తుంది. ఒకసారి నలుగురు పిల్లలు ఇచ్చిన నాలుగు పత్రాల్లో ఒకే అక్షర దోషం ఒకే చోట కనబడింది. క్షమాపణనూ ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. ఏం చేశావు, ఎక్కడ తడబడ్డావు అని మేం అడిగిందెప్పుడు? సంతకం ఉందా లేదా అనే చూశాం.

ఈ ఉత్తరంలో తెలియక చేసిన తప్పు అనే మాట లేదు. తెలిసి చేసిందని, ఏ నిమిషంలో చేసిందని, ఏ లెక్కతో చేసిందని ఉంది. తప్పుడు లెక్క వేయడానికి కూడా ఫార్ములా తెలియాలి కదా, ఆ తెలివి ఎటు వాడిందో దాచుకోలేదు. రికార్డు ఇచ్చిన అమ్మాయిని పక్కకు తప్పించి మొత్తం తన మీదే వేసుకుంది. మామూలు పత్రాలన్నీ మోసే హామీని మోయనంది. దాని బదులు తను చేయగలిగిన చిన్న పని ఒకటి చెప్పింది, గోధుమరంగు వస్తే ఫ్లాస్కు తెచ్చి చూపిస్తానని. నాకు ఆ వాక్యం దగ్గర గుండె పట్టేసినట్టయింది. ఎందుకంటే, ప్రీఫైనల్ రోజున ఆ గోధుమరంగు ఫ్లాస్కు నా దగ్గరకు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది. పాడైన ప్రయోగం తెచ్చి చూపించిన పిల్లలకు నేను ఏనాడూ ఒక్క మార్కు వేయలేదు. రీడింగ్ అసలు విలువకు ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. విలువ ఏటా 20.0. ఇక పిల్లలు బ్యూరెట్ ఎందుకు తిప్పుతారు?

ఆ ఏటి నుంచి పర్మాంగనేట్ ప్రతిసారీ వేరే బరువు తూచి చేస్తున్నాను. బల్ల వరుసకో సీసా. పట్టికలో కొట్టివేసిన రీడింగు చదవగలిగేలా ఉండి, పక్కన కారణం రాసి ఉంటే దానికీ మార్కు ఉంది. మోసం పూర్తిగా ఆగిందని చెప్పలేను. పక్కవాడి రీడింగుకు 0.1 అటూ ఇటూ చేసి రాసేవాళ్లను పట్టుకోవడం కష్టం. అలాంటప్పుడు సీసాలో ఎంత మిగిలిందో చూస్తాను. వంద మిల్లీలీటర్లు ఇస్తే, బ్యూరెట్ కడగడానికి, మూడు రీడింగులకు కలిపి డెబ్బయ్యో ఎనభయ్యో ఖర్చవ్వాలి. సీసా ఇంకా భుజాల దాకా నిండుగా ఉంటే ఆ పిల్లవాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఏమైందని అడుగుతాను. ఎక్కువసార్లు గోధుమరంగే అయి ఉంటుంది.

ఆమె సందేహానికి నేను కాగితం మీద జవాబు రాయలేదు. ఆ ప్రశ్న మా ప్రాక్టికల్ మాన్యువల్‌లో లేదు, వైవాలో ఎవరూ అడగరు. బ్యూరెట్ తిప్పి, మొదటి చుక్కను ఓపికగా చూసినవాళ్లకే అది తడుతుంది. మర్నాడు క్లాసుకు రెండు ఫ్లాస్కులు పట్టుకెళ్లాను. రెండింటిలోనూ ఒకే ఆక్జాలిక్ ఆమ్లం, ఒకే వేడి. ఒకదాంట్లో మాత్రం చిటికెడు మాంగనీస్ సల్ఫేట్ వేశాను. పర్మాంగనేట్ రంగు పోగొట్టుకున్నాక మిగిలేది ఆ మాంగనీస్ అయానే, అదే తర్వాతి చుక్కలకు ఉత్ప్రేరకం అవుతుంది. మొదటి చుక్కకు ఆ సాయం లేదు, అందుకే దానికి ఆలస్యం. ఇదంతా ముందు చెప్పకుండా, ఆమెను లేపి రెండింటిలో ఒక్కో చుక్క వేయమన్నాను.

మామూలు ఫ్లాస్కులో చుక్క ఊదారంగుగా తిరుగుతూనే ఉంది. మాంగనీస్ ఉన్న ఫ్లాస్కులో పడీ పడగానే మాయమైంది. వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడ్డారు. ఆమె బ్యూరెట్ మూత మీద చేయి తీయకుండా, "సార్, ఇంకొక చుక్క వేయనా?" అంది.