కిటికీ దగ్గర తజ్వీద్ పాఠం

అరబీలో ‘ఇస్మ్’ అని మన ఇళ్లలో ఒకే విధంగా పలికే పదాలు నిజానికి రెండున్నాయి. ‘సీన్’ అక్షరంతో రాస్తే దాని అర్థం నామం. ‘సే’ అక్షరంతో రాస్తే పాపం. తెలుగు, ఉర్దూ మాట్లాడే మన నాలుకకు ఆ రెండక్షరాలూ ‘స’గానే వినిపిస్తాయి. చెవికి అందని ఈ తేడా కంటికి మాత్రం స్పష్టంగా అందుతుంది. ‘సే’ పలికేటప్పుడు నాలుక కొస పై వరుసలోని రెండు ముందుపళ్ల అంచును తాకి, రవ్వంత బయటికి కనిపిస్తుంది. ‘సీన్’ పలికేటప్పుడు పళ్లు దగ్గరపడి, నాలుక వాటి వెనుకే ఉండిపోతుంది. అందుకే మదరసాలో పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ‘మా నోటి వైపు చూడు బాబూ’ అని మళ్లీ మళ్లీ చెబుతాం.

మదరసాకు రాలేని పిల్లల కోసం, పెద్దవయసులో ఖుర్ఆన్ చదవడం మొదలుపెట్టిన తల్లుల కోసం ఈ పాఠాన్ని ఫోనులో చిత్రించి పంపాలని సంకల్పించాం. మొదటి ప్రయత్నం పూర్తిగా విఫలమైంది. హుజ్రాలో కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాం. ఒక విద్యార్థి ఫోన్ చేత పట్టుకున్నాడు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. పాఠం అందుకున్న ఒక తల్లి మరునాడే కబురు పంపింది: ‘హజ్రత్, మీ స్వరం బాగుంది గానీ ముఖం నల్లగా ఉంది. నాలుక ఎక్కడుందో తెలియడం లేదు. మా అమ్మాయి సేను సీన్ లాగే పలుకుతోంది.’ ఆమె చెప్పినదాంట్లో రవ్వంత కూడా అతిశయోక్తి లేదు. ఆ పాఠాన్ని మళ్లీ చిత్రించే క్రమంలో మేము నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు వెలుతురు సంగతి. ఫోన్ కెమెరా తన ముందున్న దృశ్యమంతటి వెలుగునూ కలిపి చూసి, ఎంత కాంతిని తీసుకోవాలో తానే నిర్ణయించుకుంటుంది. మన వెనుక కిటికీ వెలిగిపోతుంటే, వెలుగు మరీ ఎక్కువైందని భావించి మొత్తం చిత్రాన్ని తగ్గిస్తుంది. దాంతో కిటికీ చక్కగా వస్తుంది, ముఖం నీడగా మారుతుంది. కాబట్టి కిటికీ ఎప్పుడూ కూర్చున్నవారి ముందు వైపునే ఉండాలి. అయితే సరిగ్గా ఎదురుగా ఉంటే ఫోన్ పెట్టడానికి చోటుండదు, ఫోన్ పట్టుకున్నవాడే వెలుగుకు అడ్డమవుతాడు. మేము కిటికీకి సుమారు మూడడుగుల దూరంలో కూర్చుని, అది మా ముందు కుడిపక్కగా ఉండేలా కాస్త తిరిగాం. ఫోన్ కిటికీ చట్రం పక్కన గోడ దగ్గర నిలిచింది. దూరం విషయంలో అశ్రద్ధ పనికిరాదు. మూడడుగుల నుంచి ఆరడుగులకు జరిగితే ముఖం మీది వెలుగులో సగం కూడా మిగలదు.

మఖ్రజ్ పాఠానికి మరో నియమం కూడా ఉంది. వెలుగు పైనుంచి పడకూడదు. పైనుంచి పడితే పై పెదవి నీడ పళ్ల మీద వాలి, నాలుక కొస చీకటిలో మునిగిపోతుంది. కిటికీ ఎత్తుగా ఉంటే కింద చాపమీద కాక, కుర్చీ మీదో బల్ల మీదో కూర్చుని నోటిని కిటికీ మట్టానికి తేవాలి. గదిలోని ట్యూబ్‌లైటును ఆర్పివేయాలి. దాని రంగు పగటి వెలుగుతో కలవక ముఖం ఒకవైపు ఒక రంగులో, మరోవైపు ఇంకో రంగులో కనిపిస్తుంది. పైగా మన కరెంటు దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియని ఆ మినుకు కొన్ని ఫోన్లలో నిలువునా జారే చారలుగా చిత్రంలోకి వస్తుంది.

ఎండ సూటిగా పడే కిటికీ అయితే పలుచని తెల్లని గుడ్డ కట్టాలి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత గుడ్డ అన్నిటికన్నా మేలు. ఉత్తరం వైపు కిటికీ ఉన్నవారికి ఆ అవసరం దాదాపు ఉండదు. అయితే మన ప్రాంతంలో మే, జూన్, జూలై నెలల్లో సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు గనుక ఉదయం, సాయంత్రం ఆ కిటికీలోంచి కూడా ఎండ రావచ్చు. కిటికీకి దూరంగా ఉన్న చెంప మరీ నల్లబడితే ఆ పక్కన ఒక తెల్లని థర్మాకోల్ పలకను నిలబెడితే చాలు. కిటికీ వెలుగు దానిమీద పడి ముఖానికి తిరిగి వస్తుంది. సుమారు 965లో బస్రాలో జన్మించి, కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్, కంటి నుంచి కిరణాలు బయలుదేరడం వల్ల కాదు, వస్తువు నుంచి వెలుగు కంటిలోకి రావడం వల్లనే మనం చూస్తామని ‘కితాబుల్ మనాజిర్’లో వివరించాడు. థర్మాకోల్ పలకను నిలబెట్టి తీసేస్తూ చూసిన మా విద్యార్థులకు ఆ మాట ఒక్క క్షణంలో బోధపడింది.

మా వంటివారికి ఇంకొక చిక్కు ఉంది. తెల్ల కుర్తా, తెల్ల టోపీ. ఫ్రేములో తెలుపు ఎక్కువగా ఉంటే కెమెరా దాన్ని చూసి వెలుగు తగ్గించి, ముఖాన్ని నల్లబరుస్తుంది. దీనికి మందు ఫోనులోనే ఉంది. తెరమీద ముఖం ఉన్న చోట వేలిని నొక్కి కాసేపు అలాగే ఉంచితే ఫోకస్, వెలుగు రెండూ అక్కడికి స్థిరపడతాయి. కొన్ని ఫోన్లలో AE/AF LOCK అని కనిపిస్తుంది, కొన్నింటిలో చిన్న తాళం గుర్తు వస్తుంది. అలా బిగించకపోతే పాఠం మధ్యలో చేయి ఎత్తినప్పుడల్లా, మబ్బు కమ్మినప్పుడల్లా ముఖం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మేము లేత బూడిదరంగు కుర్తా వేసుకున్న రోజున ఆ బాధ సగం తగ్గింది.

ఇక కదలిక. ఫోనులో కుదుపు తగ్గించే ఏర్పాటు ఉందిగదా అని చాలామంది చేత్తోనే పట్టుకుంటారు. చాలా ఫోన్లలో ఆ ఏర్పాటు చిత్రం అంచులను కొంత కత్తిరించి, మిగిలిన భాగాన్ని అటూ ఇటూ జరిపి నిలకడగా చూపుతుంది. పగటి వెలుగులో అది బాగానే పనిచేస్తుంది. వెలుతురు తక్కువైతే మాత్రం కెమెరా ఒక్కొక్క చిత్రాన్ని ఎక్కువసేపు తీసుకుంటుంది. ఆ సమయంలో చేయి కదిలితే చిత్రమే అలుక్కుపోతుంది. అలుక్కుపోయినదాన్ని ఎంత జరిపినా అది తేటపడదు. నాలుక కొసను చూపే పాఠంలో ఆ మాత్రం మసక చాలు, శ్రమంతా వృథా కావడానికి.

అందుచేత ఫోనును ఏదో ఒకదానిమీద నిలబెట్టాల్సిందే. పుస్తకాల దొంతర చేతికి అందేలా ఉంటుంది గానీ, మదరసాలోని పుస్తకాలు అందుకు పనికిరావు. కితాబులను పీటగా వాడటం అదబ్ కాదు. మేము బల్లమీద రెండు ఇటుకలు పెట్టి, వాటిమీద రెండు కిలోల బియ్యం పోసిన చిన్న గుడ్డసంచిని ఉంచాం. సంచిలో చేత్తో ఒక గుంట చేసి అందులో ఫోన్ నిలిపితే, బియ్యం దాని చుట్టూ సర్దుకుని గట్టిగా పట్టుకుంటుంది. లెన్స్ మా నోటి ఎత్తులో ఉండేవరకు ఇటుకలు పెంచాం. లెన్స్ దిగువన ఉంటే ముక్కుపుటాలు, గడ్డం కనిపిస్తాయి. ఎగువన ఉంటే పై పెదవి పళ్లను కప్పేస్తుంది. రికార్డు మీట నొక్కినప్పుడు ఫోన్ ఊగుతుంది గనుక, నొక్కాక మూడు అంకెలు లెక్కించి మాట్లాడటం, చివర కూడా మూడు లెక్కించి ఆపడం అలవాటు చేసుకున్నాం. ఫ్యాన్ ఆపేశాం. గాలికి తెర కదలదు, గాలి చప్పుడు కూడా పాఠంలోకి రాదు. చెమట పట్టింది. ఒక్కొక్క పాఠం నాలుగు నిమిషాలకు మించకుండా చూసుకున్నాం.

ఫ్రేము దగ్గర మేము చేసిన తప్పు మరొకటుంది. నోరు పెద్దగా కనిపించాలని ఫోనును ఒక జానెడు దూరానికి తెచ్చాం. ముక్కు, పెదవులు ఉబ్బినట్లు వచ్చాయి. ఫోన్ నీడ కూడా ముఖం మీద పడింది. ఫోన్ మూడడుగుల దూరంలో ఉంచి, దానిలో 2x లెన్స్ ఉంటే దాన్ని వాడటమే సరైన పద్ధతి. ఆ లెన్స్ లేని ఫోనులో తెరను వేళ్లతో సాగదీస్తే చిత్రం పలుచబడుతుంది. అంతకన్నా ఫోనును ఒక అడుగు ముందుకు జరపడం మంచిది. కనుబొమల నుంచి ఛాతీ పైభాగం వరకు ఫ్రేములో ఉంటే చాలు. ఒకే ముఖమైతే ఫోన్ నిలువుగా, గురువూ శిష్యుడూ ఇద్దరూ ఉంటే అడ్డంగా.

ముందు కెమెరా వాడకపోవడం మంచిది. సాధారణంగా వెనుక కెమెరా తేటగా ఉంటుంది. అంతేకాక ముందు కెమెరాతో కొన్ని ఫోన్లు చిత్రాన్ని అద్దంలో ప్రతిబింబంలా తిప్పి దాచుకుంటాయి. మా పలకమీది అరబీ అక్షరాలు ఒకసారి ఎడమ నుంచి కుడికి నడిచాయి! లెన్సును మెత్తని నూలుగుడ్డతో తుడవడం మరువకూడదు. అత్తరు వేలు తగిలిన లెన్సులో కిటికీ వెలుగు పొగమంచులా వ్యాపిస్తుంది.

ఇంట్లో చిత్రించేవారు వెనుక భాగాన్ని తప్పక చూసుకోవాలి. అలమారా అద్దంలో, టీవీ నల్లని తెరలో వెనుక గదిలో తిరుగుతున్న స్త్రీలు కనిపించవచ్చు. చిత్రించేటప్పుడు తెలియదు, పదిమందికి చేరాక తెలుస్తుంది. ప్రాణుల చిత్రణ విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. ముఖం వద్దనుకునే కుటుంబాలకు ఒక దారి ఉంది. ముక్కు కింది నుంచి గడ్డం వరకే ఫ్రేములో ఉంచినా ఈ పాఠానికి ఏ లోటూ రాదు.

చిత్రించిన పాఠం పనికొస్తుందో లేదో తేల్చడానికి మేమొక పరీక్ష పెట్టుకున్నాం. ‘సే’, ‘సీన్’లను వరుస మార్చి ఆరుసార్లు పలికి, స్వరం పూర్తిగా తగ్గించి విద్యార్థులకు చూపాం. ఏది ఏ అక్షరమో చూపుతోనే చెప్పాలి. మొదటి వీడియోలో ఎవరికీ కుదరలేదు. కిటికీ ముందు తీసినదాంట్లో చిన్నపిల్లలు కూడా ఆరింటినీ గుర్తుపట్టారు. ‘జాల్’, ‘జోయ్’ అక్షరాలకు ఇదే పద్ధతి సాగుతుంది, వాటి స్థానం కూడా నాలుక కొస, ముందుపళ్ల అంచే. ‘ఖాఫ్’, ‘కాఫ్’ల దగ్గర మాత్రం కెమెరా చేతులెత్తేస్తుంది. ‘ఖల్బ్’ అంటే హృదయం, ‘కల్బ్’ అంటే కుక్క. ఈ రెండూ నాలుక మొదట్లో పుడతాయి గనుక ఎంత వెలుగు పెట్టినా కనిపించవు. వాటికి ఎదుట కూర్చుని వినిపించుకోవడమే మార్గం.

మా పాఠం ఒకవైపు నుంచే సాగుతుంది కాబట్టి, తిరిగి పిల్లల వీడియోలు పంపమని కోరాం. మొదట ఫిర్యాదు చేసిన ఆ తల్లి వంటింటి కిటికీ ముందు స్టూలు మీద కూతుర్ని కూర్చోబెట్టి, పిండి డబ్బాకు ఫోన్ ఆనించి తీసి పంపింది. అమ్మాయి పళ్ల అంచున నాలుక కొస తెల్లగా మెరిసింది. ‘సే’ నిర్దుష్టం. ‘జోయ్’ దగ్గర మాత్రం నాలుక వెనుక భాగం పైకి లేవడం లేదు, అక్షరానికి రావలసిన బరువు రావడం లేదు. అది చూపుతో కాదు, చెవితోనే పట్టుకున్నాం. వచ్చే జుమా తర్వాత ఆ అమ్మాయిని మదరసాకు తీసుకురమ్మని కబురు చేశాం.