యాప్ తీసేసినా ఆగని కోతలు

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏడు నెలలుగా ఒకటే అంకె: 499 రూపాయలు. పక్కన UPI-MANDATE అన్న మాట, ఆ తర్వాత ఎప్పుడూ వినని ఏదో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు. మొత్తం కలిపితే 3,493 రూపాయలు. హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం పెట్టుకున్న అవగాహన సమావేశంలో, మాట్లాడటానికి వచ్చిన రిటైర్డ్ బ్యాంకు మేనేజర్ ముందుగా చూపించింది ఈ కాగితాన్నే. ఖాతా అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక రిటైర్డ్ టీచరుగారిది. ఆవిడ ఒప్పుకున్నాకే, పేరూ ఖాతా నంబరూ కొట్టేసి తెచ్చారు.

"జాతకం చూసుకుందామని ఒక రూపాయి కట్టానండీ. నచ్చలేదు, రెండో రోజే యాప్ తీసేశాను. ఇంక వాళ్లకి డబ్బులెలా వెళ్తాయి?" అన్నారావిడ.

"యాప్ ఉన్నది మీ ఫోన్లోనమ్మా. మీరిచ్చిన అనుమతి ఉన్నది బ్యాంకు దగ్గర. ఊరెళ్తూ ఇంటికి తాళం వేసుకున్నా, పాలబ్బాయికి వద్దని చెప్పకపోతే గుమ్మం ముందు ప్యాకెట్లు పడుతూనే ఉంటాయి కదా" అన్నారాయన.

ఈ అనుమతినే మ్యాండేట్ అంటారు. ఫలానా కంపెనీ, ఫలానా తేదీల్లో, ఫలానా మొత్తం వరకు నా ఖాతాలోంచి తీసుకోవచ్చని ముందే సంతకం పెట్టి ఇచ్చినట్టు. యూపీఐలో ఈ ఏర్పాటు ఆటోపే పేరుతో 2020లో మొదలైంది. మొదటిసారి పిన్ కొడితే చాలు. ఆ తర్వాత ప్రతి కోతా 15,000 రూపాయల లోపు ఉన్నంతవరకు మళ్లీ పిన్ అడగరు. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లు లాంటివాటికి ఈ పరిమితి లక్ష రూపాయల దాకా ఉంది. కరెంటు బిల్లు మరిచిపోకుండా కట్టుకోవడానికి ఇంతకన్నా సుఖమైన దారి లేదు. చిక్కంతా ఆ మొదటి పిన్ ఎక్కడ, ఏ తొందరలో కొట్టామన్నదే.

టీచరుగారు పిన్ కొట్టిన తెర ఎలా ఉండి ఉంటుందో మేనేజరుగారు బోర్డు మీద గీసి చూపించారు. పైన పెద్ద అక్షరాల్లో "₹1కే 3 రోజులు". దాని కింద మెరిసే బటన్. ఆ బటన్ నొక్కాక యూపీఐ యాప్ తెరుచుకుంటుంది, అసలు సంగతి అక్కడ ఉంటుంది. గరిష్ఠ మొత్తం 999 రూపాయల వరకు, ప్రతి నెలా, గడువు ఇరవై ఏళ్ల తర్వాతి ఏదో తేదీ. కంటికి ఆనేది ఒక్క రూపాయి, సంతకం పడేది మిగతా మూడింటికీ. ఆ రూపాయి జాతకానికి వెల కాదు, ఇరవై ఏళ్ల అనుమతికి వేసిన ముద్ర.

ఆ మూడింట్లో ఎక్కువమంది పట్టించుకోనిది గరిష్ఠ మొత్తం. ఇప్పుడు కోస్తున్నది 499 అయినా, అనుమతి 999కి ఉంది. అంటే రేపు కంపెనీ ధర పెంచి 799 చేసినా, మళ్లీ పిన్ అడగాల్సిన పని లేకుండానే తీసుకోవచ్చు. గడువు తేదీ కూడా అంతే. సంవత్సరం ప్యాకేజీ అని చెప్పి రెండు దశాబ్దాల గడువు పెట్టడానికి కారణం ఒక్కటే: కొనేవాళ్లు మరిచిపోతారన్న నమ్మకం. పిన్ కొట్టే ముందు ఈ మూడు గీతలూ చదవడానికి పది సెకన్లు కూడా పట్టదు. గరిష్ఠ మొత్తం చెప్పిన ధర కన్నా బాగా ఎక్కువగా ఉంటే వెనక్కి రావడమే మంచిది.

"మరి కోసే ముందు చెప్పాలి కదా సార్?" అని ఒక కుర్రాడు అడిగాడు. చెప్పాలి, చెబుతారు కూడా. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, కోతకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి. ఎవరు తీసుకుంటారు, ఎంత, ఏ తేదీన అన్నవి అందులో ఉండాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలు కూడా ఉండాలి. టీచరుగారి ఫోన్లో వెతికితే ఆ మెసేజీలన్నీ దొరికాయి. కానీ వాటిలో ఉన్నది యాప్ పేరు కాదు, దాన్ని నడిపే కంపెనీ పేరు. లోన్ ఆఫర్లు, చీరల డిస్కౌంట్లు, ఓటీపీల మధ్య ఆ తెలియని పేరు కూడా ప్రకటన అనుకుని ఆవిడ వదిలేశారు. తెలియని పేరుతో "will be debited" అన్న మాట కనిపిస్తే దాన్ని ప్రకటన అనుకోకూడదు. ఆ ఒక్క రోజులో రద్దు చేసుకుంటే ఆ నెల డబ్బు మిగులుతుంది.

రద్దు చేయడం కష్టం కాదు, చోటు తెలియాలి. గూగుల్ పే, ఫోన్‌పే, పేటీఎం, భీమ్ అన్నింట్లోనూ ప్రొఫైల్ లేదా సెట్టింగ్స్‌లో ఆటోపే అనో, మ్యాండేట్స్ అనో ఒక జాబితా ఉంటుంది. దాన్ని తెరిస్తే నడుస్తున్నవి, ఆగినవి విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ నొక్కితే రద్దు చేయమనే Cancel లేదా Revoke, కొన్నాళ్లు ఆపమనే Pause ఉంటాయి. రద్దుకు కూడా మామూలుగా పిన్ అడుగుతుంది. టీచరుగారు ఆ కంపెనీ పేరు నొక్కి, పిన్ కొట్టారు. అర నిమిషంలో స్థితి మారింది. ఆ తెరను ఫొటో తీసి పెట్టుకోమన్నారు మేనేజరుగారు.

పిన్ దగ్గర ఆయన కాస్త ఆగారు. మ్యాండేట్ రద్దు చేస్తామంటూ ఎవరైనా ఫోన్ చేసి పిన్ కొట్టమంటే అది మోసమే. మన యాప్‌ను మనమే తెరిచి, మనమే ఆ జాబితాలోకి వెళ్లినప్పుడు అడిగే పిన్ ఒక్కటే నమ్మదగ్గది. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి, మొదట కనిపించిన నంబరుకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

జాబితాలో కనపడలేదంటే కోత లేదని కాదు. ఫోన్లో మూడు యూపీఐ యాప్‌లుంటే మూడింట్లోనూ చూడాలి, ఎందుకంటే ఏ యాప్‌లో అనుమతి ఇచ్చామో సాధారణంగా అక్కడే కనిపిస్తుంది. అన్నీ ఒకేచోట చూసుకోవడానికి ఎన్‌పీసీఐ వారి upihelp.npci.org.in ఉపయోగపడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో ప్లే స్టోర్ ద్వారా కట్టినవైతే ప్లే స్టోర్‌లోనే Subscriptions అన్నచోట రద్దు చేయాలి, ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో పేరు మీద నొక్కితే అదే మాట కనిపిస్తుంది. డెబిట్, క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన అనుమతుల కోసం బ్యాంకు యాప్ లేదా నెట్ బ్యాంకింగ్ చూడాలి. స్టేట్‌మెంట్‌లో ACH లేదా NACH అని ఉంటే అది వేరే దారి, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాల్సి రావచ్చు.

ఇక్కడే ఒక పెద్దాయన లేచి, తన ఖాతాలో మే నెలాఖరున 436 రూపాయలు, 20 రూపాయలు పోయాయని, ఎవరు దోచుకున్నారని అడిగారు. అది దోపిడీ కాదు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436, సురక్ష బీమాకు 20 రూపాయలు ప్రీమియం. ఎప్పుడో బ్యాంకులో ఫారం మీద పెట్టిన సంతకంతో ఏటా కోస్తారు. అక్కర్లేదనుకుంటే శాఖలో రాసివ్వచ్చు. కానీ 20 రూపాయలకు ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వచ్చే బీమా అది. తెలియని అంకె కనపడగానే తెగ్గొట్టకుండా, అది దేనిదో కనుక్కోవాలన్నది ఆయనకు దొరికిన జవాబు. ఇంటి లోను కిస్తీని పొరపాటున ఆపేస్తే బ్యాంకు చెల్లింపు తిరిగొచ్చినందుకు రుసుము వేస్తుంది, క్రెడిట్ స్కోరు కూడా పడుతుంది.

కొనడం ఒక్క నొక్కులో, మానడం పది తెరల్లో. ఇది మన దగ్గరే కాదు. ప్రైమ్ సభ్యత్వంలోకి జనాన్ని వాళ్లకే తెలియకుండా చేర్చి, బయటికి వెళ్లే దారిని మెలికలు తిప్పిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో అమెజాన్ మీద కేసు వేసింది. ఆ రద్దు ప్రక్రియకు కంపెనీ లోపల పెట్టుకున్న పేరు "ఇలియడ్", పదేళ్ల యుద్ధాన్ని పాడిన గ్రీకు కావ్యం పేరు. 2025 సెప్టెంబరులో అమెజాన్ 250 కోట్ల డాలర్లకు రాజీపడింది, అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికే. అక్కడున్న మన తెలుగు కుటుంబాల్లోనూ ఆ సభ్యత్వం ఉన్నవాళ్లు తక్కువేం కాదు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో 13 రకాల మాయ డిజైన్లను నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. చందా ఉచ్చు వాటిలో ఒకటి. రద్దు దారిని దాచడం, ఉచితంగా చూడటానికి కూడా చెల్లింపు వివరాలు బలవంతంగా అడగడం ఈ ఉచ్చు కిందికే వస్తాయి. అడగకుండానే బుట్టలో ఏదో ఒకటి చేర్చడం మరొకటి. విమాన టికెట్‌తో పాటు ముందే టిక్కు పెట్టి ఉండే బీమా అలాంటిదే.

రద్దుతో ముందు కోతలు ఆగుతాయి, పోయినవి వాటంతట అవి రావు. బ్యాంకుకు వెళితే, పిన్ మీరే కొట్టారు కదా అంటారు, ఆ మాటలో న్యాయం ఉంది కూడా. అందుకే డబ్బు ముందు కంపెనీనే అడగాలి. టీచరుగారు ఈమెయిల్‌లో మొదటి రూపాయి కట్టిన తేదీ, యాప్ వాడకం ఆపిన తేదీ, ఏడు కోతల తేదీలు, రద్దు చేసిన తెర ఫొటో పెట్టారు. ముందుగా వచ్చిన జవాబు, రీఫండ్ మా విధానంలో లేదని. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక చివరి రెండు నెలల 998 రూపాయలు తిరిగి వచ్చాయి. మిగతా 2,495 రాలేదు. ఆ హెల్ప్‌లైన్ కంపెనీకీ మనకూ మధ్య రాజీ కుదర్చగలదు, కానీ ఇవ్వమని ఆదేశించలేదు. పట్టుబట్టాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లాలి. 1915లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

మ్యాండేట్ రద్దయ్యాక కూడా డబ్బు పోతే లెక్క మారిపోతుంది. అప్పుడది మన అనుమతి లేని లావాదేవీ, జవాబుదారీ బ్యాంకుది కూడా. మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఆలస్యమయ్యేకొద్దీ నష్టంలో మన వాటా పెరుగుతుంది. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు పెట్టవచ్చు. అక్కడ మొట్టమొదట అడిగేది బ్యాంకుకు రాసిన ఫిర్యాదు నకలు, అందుకే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ కూడా పంపాలి.